రక్తదాన శిబిరం: టేబుల్ దాకా వచ్చి వెనక్కి పోకుండా ఎట్లా రావాలె

సోలాపూర్ పూర్వ భాగంలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల వారందరికీ తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల మూడో ఆదివారం నాడు మన వాడ సమాజ్ హాలులో రక్తదాన శిబిరం పెట్టినం. పొద్దున 7 గంటలకు మొదలై మధ్యాహ్నం 3 గంటల దాకా నడుస్తది. రక్తపేఢీ వాళ్ల డాక్టరు, నర్సులు, మంచాలు, సంచులు అన్నీ వాళ్లే తెస్తరు. మనం తేవలసింది మనుషులను.

అయితే మనుషులు వస్తే చాలదు. పోయిన శిబిరంలో పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర కూర్చున్నది నేనే. నాకు అరవై ఏడు నిండినయి, నా రక్తం ఇప్పుడు తీసుకోరు, అందుకని కాగితం పని నాకిచ్చిండ్రు. ఆ రోజు చూసిన సంగతి ఏమిటంటే, మంచి మనసుతో వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి పోయిండ్రు. రోగం ఉండి పోయినవాళ్లు కొద్దిమందే. రాత్రి పాళీ దిగి నిద్ర లేకుండా వచ్చినవాళ్లు, పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చినవాళ్లు, రక్తం పలుచన ఉన్న ఆడవాళ్లు, వీళ్లే ఎక్కువ. ఒకసారి వెనక్కి పంపితే చానామంది మళ్లీ రారు, "మనకు పనికిరాదంట" అని ఇంట్ల చెప్పుకుంటరు. అందుకే ఈసారి టైము, తేదీ రాసి ఊరుకోకుండా, ఎవరు ఏ గంటకు రావాలె, ఎట్లా రావాలె అనేది కూడా రాస్తున్న.

ఎవరు ఇయ్యొచ్చు

వయసు 18 నిండాలె, 65 దాటొద్దు. మొదటిసారి ఇచ్చేవాళ్లకు 60 దాటొద్దు. అంటే ఇదివరకు ఇచ్చిన అలవాటు ఉన్న మనిషి 63 ఏళ్లకు కూడా ఇయ్యొచ్చు గని, 63 ఏళ్లకు కొత్తగా మొదలుపెడ్తనంటే తీసుకోరు.

బరువు 45 కిలోలు తగ్గొద్దు. 45 కిలోలు ఉంటే 350 మిల్లీలీటర్లు తీస్తరు. 55 కిలోల పైన ఉన్నవాళ్ల దగ్గర 450 దాకా తీయొచ్చు. 50 కిలోల మనిషి ఒంట్ల సుమారు మూడున్నర లీటర్ల రక్తం ఉంటది. అందులో 350 అంటే పదోవంతు. మన పోరగాండ్లు సన్నగ ఉంటరు, 43, 44 కిలోల వాళ్లు "ఒక్క కిలోకు ఏమైతది" అని జేబుల సామాను పెట్టుకొని కాటా ఎక్కుతరు. అట్ల చేయొద్దు. ఒంట్ల ఉన్న రక్తం బరువును బట్టే ఉంటది, కాటాను మోసం చేస్తే కళ్లు తిరిగి పడేది మీరే.

మగవాళ్లు పోయినసారి ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు దాటాలె. సంచిల పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజులల్ల మళ్లీ నిండుతది. ఎర్ర కణాలు నిండడానికి వారాలు పడ్తది, వాటితో పోయిన ఇనుము కూడడానికి నెలలు పడ్తది. ఆడవాళ్లకు నెలనెలా ఎట్లాగూ పోతుంటది కాబట్టి వాళ్లకు ఇంకో నెల ఎక్కువ పెట్టిండ్రు.

బీపీ గోలీ వేసుకునేవాళ్లు ఇయ్యొద్దనే మాట మన వాడల్ల బాగా నాటుకుంది. అది నిజం కాదు. గోలీతోనే అయినా సరే, ఆ రోజు పై బీపీ 100 నుంచి 140 మధ్య, కింద బీపీ 60 నుంచి 90 మధ్య ఉంటే, గోలీ ఈ నెలల మార్చలేదంటే తీసుకుంటరు. షుగరు గోలీల మీద అదుపుల ఉన్నవాళ్లది కూడా తీసుకుంటరు. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లది తీసుకోరు. ఏ గోలీలు మింగుతున్నరో పేరు గుర్తుండదు కాబట్టి ఆ పట్టీ జేబుల పెట్టుకొని రండి, డాక్టరు చూసి చెప్తడు.

రాత్రి పాళీ వాళ్ల లెక్క

మన వాళ్ల సంగతి ఇది, అందుకే కొంచెం నిమ్మళంగ చెప్తున్న. దాతల నియమాలల్ల రెండు మాటలున్నయి. రాత్రి పాళీ చేసి సరిపడ నిద్ర పోనివాళ్ల రక్తం తీసుకోరాదు. బలమైన పని చేసేవాళ్లు రక్తం ఇచ్చినంక తర్వాతి డ్యూటీకి 24 గంటలు ఎడం ఉండాలె.

రెండో మాట ఎందుకంటే, రక్తం ఇచ్చిన మనిషికి అప్పుడే కాకుండా కొన్ని గంటలు పోయినంక కూడా ఒక్కోసారి కళ్లు తిరుగుతయి. ఇంట్ల చాప మీద పడితే నీళ్లు తాగి లేస్తడు. నడుస్తున్న మగ్గం మీద పడితే చెయ్యి పట్టాకు పోతది. సాంచాల మధ్య సందు ఎంత ఇరుకో మనకు తెలుసు, అక్కడ గాలి కూడా ఆడదు, వేడి. కళ్లు తిరగడానికి అంతకంటే మంచి జాగ లేదు.

ఇగ లెక్క చూద్దాం. ఒక తమ్ముడున్నడనుకోండి, 29 ఏళ్లు, 52 కిలోలు, టవల్ కారఖానాల పని. పాళీ 8 నుంచి 8. ఆదివారం పొద్దున 8 నుంచి సోమవారం పొద్దున 8 దాకా కారఖానాకు సుట్టి. ఇతను శనివారం రాత్రి పాళీ ఎక్కిండు, ఆదివారం పొద్దున 8కి దిగిండు. హాలు దారిలనే ఉంది కదా, ఒక పని అయిపోతదని కప్పు చాయ్ తాగి 8:30కి నేరుగ వచ్చిండు. డాక్టరు రాత్రి ఎన్ని గంటలు పండుకున్నవు అని అడుగుతడు. లేదంటే వెనక్కి పంపుతడు. పండుకున్న అని అబద్ధం చెప్తే మంచం మీద చెమటలు పట్టి తెల్లగయితడు. పోయినసారి ఇట్లాంటిది జరిగింది, కాళ్లు పైకెత్తి పెట్టి అర్ధగంట కూర్చోబెట్టినం. పక్కన వరసల ఉన్న నలుగురు అది చూసి లేచి వెళ్లిపోయిండ్రు.

అదే తమ్ముడు ఇట్లా చేస్తే సరిపోతది. 8కి దిగి ఇంటికి పోయి రెండు జొన్నరొట్టెలు తిని, 9 లోపల పండుకోవాలె. ఒంటిగంటకు ఇంట్ల లేపమని చెప్పాలె. లేచి స్నానం చేసి, అన్నం పప్పు కడుపునిండ తిని, రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తాగి 2 గంటలకు హాలుకు రావాలె. నాలుగు గంటల నిద్ర తక్కువనిపించి తల బరువు ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలె, తీసుకోవాల్నా వద్దా అన్నది ఆయన చూసుకుంటడు. 2:30కి రక్తం ఇస్తే, అతని తర్వాతి పాళీ సోమవారం రాత్రి 8కి. నడుమ 29 గంటలకు పైన దొరికింది. ఒక్క రోజు కూలి కూడా పోలేదు.

కాని అదే తమ్ముడికి ఆ వారం పాళీ మారి సోమవారం పొద్దున 8కి ఎక్కేది ఉందనుకోండి. 2:30 నుంచి లెక్కపెడ్తే పదిహేడున్నర గంటలే. అతను ఈసారి ఇయ్యొద్దు. పేరు రాయించి పోతే చాలు, మూడు నెలలకు వచ్చే శిబిరానికి మొదటి పేరు అతనిదే రాస్తం.

ఇగ పగటి పాళీ వాళ్లు. శనివారం సాయంత్రం 8కి దిగిండ్రు, రాత్రి బాగా పండుకున్నరు, సోమవారం పొద్దున 8కి ఎక్కాలె. వీళ్లు ఆదివారం పొద్దున 8 లోపల ఇస్తే 24 గంటలు సరిపోతయి. 10 గంటలకు ఇస్తే సరిపోవు. శిబిరం 7కే మొదలుపెట్టమని మేం పట్టుబట్టింది ఇందుకే. కాబట్టి సోమవారం పొద్దున పాళీ ఉన్నవాళ్లకు 7 నుంచి 8 దాకా వరస విడిచిపెట్టినం. 8 నుంచి 1 దాకా ఆడవాళ్లు, దుకాణాలు ఉన్నవాళ్లు, ఆఫీసు పనులవాళ్లు, కాలేజీ పిల్లలు. 1 నుంచి 3 దాకా రాత్రి పాళీ వాళ్లు. సొంత మగ్గాలు ఉన్న శేట్లకు ఒక మాట: మీ కారఖానాలో ఆదివారం సుట్టి లేకుంటే, రక్తం ఇచ్చినతనికి ఒక్క పాళీ విడిచిపెట్టండి. మీరు ఇచ్చే దానం అదే అనుకోండి.

పొద్దున 7కి వచ్చేవాళ్లు కూడా ఉత్త కడుపుతో రావద్దు. తిని నాలుగు గంటలు దాటొద్దన్నది నియమం. ఉప్మానో, రొట్టె పాలో ఏదో ఒకటి తిని రండి. ఆదివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ రోజు ఇయ్యొద్దు. శనివారం రాత్రి తాగినవాళ్లు అసలే రావద్దు. వాసన డాక్టరుకు ముందు నాకే తెలుస్తది.

మైలుతుత్తం నీళ్ల పరీక్ష

కాగితం నింపినంక, కాటా ఎక్కినంక, వేలికి సూది గుచ్చి ఒక చుక్క తీస్తరు. నీలం రంగు నీళ్లున్న గ్లాసుల ఆ చుక్క వదులుతరు. చాలామంది ఇదేదో మందు అనుకుంటరు. అది మైలుతుత్తం నీళ్లు, అద్దకం పని చేసినవాళ్లకు తెలిసిన సామానే. ఆ నీళ్ల చిక్కదనం కొలిచి కలుపుతరు. హిమోగ్లోబిన్ 12.5 గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటే చుక్క నీళ్లకంటె బరువుంటది, 15 సెకన్ల లోపల కిందికి దిగుతది. పలుచన రక్తం అయితే నడుమల ఆగుతది, లేదా పైకి తేల్తది. కొన్ని చోట్ల దీనికి బదులు చిన్న మెషిన్ పెడ్తున్నరు, అందుల అంకె కనబడ్తది. ఆడైనా మగైనా 12.5 లేకుంటే తీసుకోరు.

ఇక్కడే మన అక్కచెల్లెండ్లు ఎక్కువ ఆగిపోతరు. ఒక అక్క పోయినసారి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. బీడీలు చుట్టుకుంట ఇద్దరు పిల్లలను చదివించిన మనిషి, ఇంతవరకు దవాఖానా మొకం చూడలేదు. చుక్క తేలేసరికి "నా ఒంట్ల రక్తమే లేదంటరేందన్నా" అన్నది. ఆమెకు నర్సు చెప్పిన మాటే మీకూ చెప్తున్న. ఆడమనిషికి 12 ఉంటే ఆరోగ్యంగ ఉన్నట్టే లెక్క. దానం చేయడానికి అడిగేది 12.5, అంటే ఇచ్చినంక కూడా ఒంట్ల మిగలాలని కొంచెం పైకి పెట్టిండ్రు. కాబట్టి 12.2 ఉన్న మనిషిని వెనక్కి పంపితే ఆమెకు రోగం ఉన్నట్టు కాదు. కాని 10, 11 అని తేలితే అది రక్తహీనత. పొద్దుమాపు కాళ్లు గుంజడం, మెట్లు ఎక్కితే ఆయాసం, ఇవి వయసుతో వచ్చినయి అనుకొని ఊరుకుంటం. దీనివల్ల కూడా అయి ఉండొచ్చు. మున్సిపల్ దవాఖానాకు పోయి సరైన పరీక్ష చేయించుకోవాలె. ఇనుము గోలీలు సర్కారు దవాఖానాల పైసలు లేకుండ ఇస్తరు.

గోలీ వేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఇండ్లల్ల అన్నం తిన్న వెంటనే చాయ్ పడాలె. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. గోలీకి, తిండికి చాయ్‌ని గంటన్న దూరం పెట్టండి. చాయ్‌కి బదులు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడ్తది. గోలీ వేసుకుంటే మలం నల్లగ వస్తది, దానికి భయపడి ఆపొద్దు. ఇది వారం రోజుల పని కాదు. ఇవాళ మొదలుపెట్టి నెలల తరబడి వేసుకుంటేనే ఒంటికి పట్టేది. ఈ శిబిరానికి కాకున్నా వచ్చేదానికి చుక్క మునుగుతది. ఆ అక్క ఇప్పుడు గోలీలు వాడుతున్నది, నా లిస్టుల ఆమె పేరు ఉన్నది.

నెలసరి రోజులల్ల ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఇయ్యొద్దు. కాన్పు అయి ఏడాది దాటాలె.

కాగితం మీద నిజం రాయాలె

ఫారం మీద ప్రశ్నలు చానా ఉంటయి, మరాఠీల ఉంటయి. చదువురానివాళ్లకు నేను, ఇంకో ఇద్దరు పిల్లలు తెలుగులో చదివి చెప్తం. నాది నాలుగో తరగతి చదువే, అయినా ఆ ఫారం ఇప్పుడు నోటికి వచ్చింది. మలేరియా వచ్చి తగ్గినంక మూడు నెలలు, డెంగీ అయితే ఆరు నెలలు, పన్ను పీకించుకుంటే ఆరు నెలలు, టైఫాయిడ్ అయితే ఏడాది ఆగాలె. పచ్చబొట్టు పొడిపించుకున్నా, చెవులు కుట్టించుకున్నా ఏడాది. జాతరల చేతి మీద పేరు పొడిపించుకున్న పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలె. టీబీ వచ్చి మందులు పూర్తిగ వాడి నయమైందని తేలినంక రెండేండ్లు ఆగాలె. కామెర్లల్ల బీ, సీ రకం వచ్చినవాళ్లు ఎప్పటికీ ఇయ్యరాదు. ఏ రకమో తెలియకుంటే తెలియదనే చెప్పండి.

కొందరు అడుగుతరు, "ఎట్లాగూ రక్తం పరీక్ష చేస్తరు కదా, మేం చెప్పుడెందుకు" అని. ప్రతి సంచికి హెచ్ఐవీ, కామెర్ల బీ, సీ, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు పరీక్షలు చేస్తరు, నిజమే. కాని రోగం కొత్తగ అంటినప్పుడు కొన్ని రోజులు పరీక్షల దొరకదు. ఆ రోజులల్ల ఇచ్చిన సంచి మంచిదని ముద్ర పడి ఎవరో బాలింతకు ఎక్కుతది. దాన్ని ఆపగలిగేది మీ నోటి మాట ఒక్కటే. నలుగురిల చెప్పలేని సంగతి అయితే డాక్టరు పరదా వెనక ఒంటరిగ కూర్చుంటడు, అక్కడ చెప్పండి. బయట మేం ఎందుకు వెనక్కి పోతున్నరని ఎవరినీ అడగం.

సంచి ఎటు పోతది

మనవాళ్ల అనుమానం ఇంకోటి: "మా రక్తం అమ్ముకుంటరంట." రక్తం కొనడం, అమ్మడం ఈ దేశంల నిషేధం. సుప్రీంకోర్టు 1996ల తీర్పు ఇచ్చి, పైసలకు రక్తం ఇచ్చే పద్ధతిని 1998 జనవరి నుంచి బంద్ చేసింది. పేఢీ వాళ్లు తీసుకునేది పరీక్షలకు, సంచికి, ఫ్రిజ్‌కు అయ్యే ఖర్చు.

ఒక సంచిని మూడు భాగాలు చేయొచ్చు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌ల 35 రోజులు, కొన్ని రకాల సంచులల్ల 42 రోజులు ఉంటయి. కాన్పుల రక్తం పోయిన తల్లికి, తలసేమియా ఉన్న పిల్లలకు ఇవి ఎక్కిస్తరు. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలె, ఒక్కసారితో అయిపోయేది కాదు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే ఉంటయి, అవి డెంగీ ముదిరినవాళ్లకు, క్యాన్సర్ వాళ్లకు పోతయి. ప్లాస్మా గడ్డకట్టించి ఏడాది పెట్టొచ్చు.

అందుకే ఒక్కరోజే వందమంది ఇచ్చి ఏడాదంత మరిచిపోతే లాభం లేదు. సంచులు పాతబడి పారేస్తరు, ఎండాకాలంల ఫ్రిజ్ ఖాళీ ఉంటది. మూడు నెలలకొకసారి కొద్దిమంది ఇచ్చినా సరే, ఆగకుండ ఇవ్వాలె. మన ఇంట్ల ఆపద వచ్చిన రాత్రి మనం పరుగెత్తి పోయి ఇచ్చే రక్తం అప్పటికప్పుడు ఎక్కించరు, పరీక్షలు కావాలె. ఆ రాత్రి మన మనిషికి ఎక్కేది ఎవరో ముందే ఇచ్చి పెట్టిన సంచి.

ఇచ్చినంక

సూది ఉండేది పది నిమిషాలలోపే. తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోవాలె, చాయ్ బిస్కెట్ ఇస్తరు, తాగి లేవాలె. దూది పట్టీ నాలుగు గంటలు తీయొద్దు. ఆ చేత్తో ఆ రోజు నీళ్ల బిందె, నూలు మూట ఎత్తొద్దు. బీడీ, సిగరెట్టు వెంటనే కాల్చొద్దు. ఆ రోజంత నీళ్లు ఎక్కువ తాగాలె. కళ్లు తిరుగుతున్నయనిపిస్తే సిగ్గుపడకుండ ఉన్న చోటనే పండుకొని కాళ్లు ఎత్తుమీద పెట్టుకోవాలె. నిలబడి ఓర్చుకుంటే పడ్తరు. ఇంటికి పోయినంక చెయ్యి వాచినా, జ్వరం వచ్చినా, ఇచ్చేటప్పుడు చెప్పని సంగతి ఏదన్న గుర్తొచ్చినా కార్డు మీద ఉన్న పేఢీ నంబరుకు ఫోన్ చేయాలె.

పేరు రాయించే వివరాలు

శిబిరం: వచ్చే నెల మూడో ఆదివారం, పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా, సమాజ్ హాలు, కింది అంతస్తు.

వరస: 7 నుంచి 8 సోమవారం పగటి పాళీ వాళ్లు. 8 నుంచి 1 ఆడవాళ్లు, మిగతావాళ్లు. 1 నుంచి 3 నిద్ర పోయి వచ్చిన రాత్రి పాళీ వాళ్లు. చివరి పేరు 2:30కి రాసుకుంటం.

తేవలసినవి: ఆధార్ గాని వేరే గుర్తింపు కార్డు గాని, ఇదివరకు ఇచ్చి ఉంటే ఆ కార్డు, వాడుతున్న గోలీల పట్టీ. పొడుగు చేతుల చొక్కా అయితే పైకి మడత పెట్టేటట్టు ఉండాలె.

పేర్లు: శిబిరానికి ముందటి గురువారం దాకా రోజూ సాయంత్రం 6 నుంచి 8 వరకు మన వాచనాలయంలో రాసుకుంటం. పేరుతో పాటు మీ పాళీ, సుట్టి రోజు చెప్పాలె, దాన్ని బట్టి గంట రాసి చీటీ ఇస్తం. రాలేనివాళ్లు ఈ సంచిక చివరి పేజీల కమిటీ సభ్యుల నంబర్లు ఉన్నయి, అక్కడికి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆడవాళ్ల పేర్లు రాసుకోవడానికి మహిళా మండలం వదినెలు ఇద్దరు మంగళ, శుక్రవారాలల్ల అదే టైముకు వాచనాలయంల ఉంటరు. హిమోగ్లోబిన్ ఎంతుందో అనుమానం ఉన్న అక్కలు పేరు రాయించే ముందే మున్సిపల్ దవాఖానాల పరీక్ష చేయించుకొని ఆ కాగితం తెస్తే, ఆదివారం వరసల నిలబడే పని తప్పుతది.